ఫోన్‌కి ఎక్కుతుంది, ల్యాప్‌టాప్‌కి ఎక్కదు: ఏ టైప్-సీ కేబుల్ తీసుకోవాలి?

ఊరెళ్ళిన మా తమ్ముడు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ల్యాప్‌టాప్ ఛార్జర్ ఇంట్లోనే మర్చిపోయాను. నా ఫోన్ ఛార్జర్ మీద 65 వాట్లు అని ఉంది, ల్యాప్‌టాప్‌కీ 65 వాట్లే కావాలి. కానీ కేబుల్ పెడితే ఫోన్ చకచకా ఎక్కుతోంది, ల్యాప్‌టాప్ మాత్రం ఉలకదు పలకదు. పోర్టు పోయిందంటావా?"

"ఛార్జర్‌లో గుచ్చే చివర ఎలా ఉంది?"

"వెడల్పుగా ఉందిలే, పాత పెన్‌డ్రైవ్ పిన్ లాగా."

"అయితే పోర్టుకేమీ కాలేదు. టెన్షన్ పడకు. ఎవరి దగ్గరైనా రెండు చివర్లా టైప్-సీ ఉండే కేబుల్, దానికి సరిపోయే ఛార్జర్ ఉన్నాయేమో అడుగు."

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ప్రతిసారీ మొదటి అనుమానం ల్యాప్‌టాప్ పోర్టు మీదికే పోతుంది. కేబుల్‌ని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అదే కేబుల్‌తో ఫోన్ బాగానే ఎక్కుతోంది కదా. తీగ అంటే తీగే, కరెంటు వెళ్తే చాలు అనుకుంటాం. టైప్-సీ విషయంలో ఆ లెక్క కుదరదు. అందులో కరెంటు తీగలతో పాటు మాటలు నడిచే తీగ ఒకటి ఉంటుంది. కొన్ని కేబుళ్ళలో ఒక చిప్ కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ ఎక్కేదీ ఎక్కనిదీ ఎక్కువసార్లు ఆ తీగ దగ్గరా ఆ చిప్ దగ్గరా తేలిపోతుంది.

ఫోన్ 5 వోల్టులతో సర్దుకుంటుంది, ల్యాప్‌టాప్ ఎందుకు సర్దుకోదు?

ఫోన్ బ్యాటరీ చాలావాటిలో ఒకే సెల్. నిండినప్పుడు కూడా దాని వోల్టేజీ సుమారు 4.4 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి బయటి నుంచి 5 వోల్టులు వస్తే చాలు, నెమ్మదిగానైనా లోపలికి తోసుకోవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీలో మూడో నాలుగో సెల్స్ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి. మూడు సెల్స్ నిండితే దాదాపు 12.6 వోల్టులు, నాలుగైతే 16.8. కింద 5 వోల్టుల ఎత్తులో ఉన్న నీళ్ళు పైన 16 వోల్టుల ఎత్తులో ఉన్న ట్యాంకులోకి వాటంతట అవి ఎక్కవు. వోల్టేజీ పెంచే సర్క్యూట్ పెట్టుకుని 5 వోల్టులతో కూడా నత్తనడకన ఎక్కించుకునే ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి. చాలావాటిలో ఆ సౌకర్యం ఉండదు. ఉన్నా, వచ్చే పది, పదిహేను వాట్లు స్క్రీన్‌కీ ప్రాసెసర్‌కే చాలవు.

అందుకని ల్యాప్‌టాప్ సాధారణంగా 20 వోల్టులు కోరుకుంటుంది, కొన్ని 15కి ఒప్పుకుంటాయి. టైప్-సీ ఛార్జర్ మాత్రం అడగకుండా 20 వోల్టులు ఇవ్వదు. ఇస్తే అవతల ఉన్న ఇయర్‌బడ్స్ పెట్టె కాలిపోతుంది. ముందు 5 వోల్టులు మాత్రమే వదులుతుంది. ఆ పైన ఎంత కావాలన్నా అడిగి, ఒప్పించి తీసుకోవాలి. ఆ బేరానికే పవర్ డెలివరీ అని పేరు.

బేరం ఎలా జరుగుతుంది

టైప్-సీ పిన్‌లో 24 కాంటాక్టులకి చోటు ఉంటుంది. మనకు కావలసింది అందులో ఒకటి: సీసీ. కేబుల్ గుచ్చగానే ఛార్జర్ ముందు ఈ తీగ మీద అవతలి రెసిస్టర్ కోసం చూస్తుంది. ఫోనైనా ల్యాప్‌టాపైనా తన వైపు 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టుకుని ఉంటుంది. అది కనిపిస్తేనే ఛార్జర్ 5 వోల్టులు వదులుతుంది. అంతవరకు ఖాళీ టైప్-సీ రంధ్రంలో వోల్టేజీయే ఉండదు.

తర్వాత అదే సీసీ తీగ మీద డిజిటల్ సందేశాలు మొదలవుతాయి. "నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులు ఉన్నాయి, ఒక్కోదానిలో ఇన్ని ఆంపియర్లు ఇవ్వగలను" అని ఛార్జర్ జాబితా చదువుతుంది. "నాకు 20 వోల్టుల వరస ఇవ్వు" అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. "సరే" అంటుంది ఛార్జర్. వోల్టేజీ పెంచి, "సిద్ధం" అని చెప్తుంది. ఇదంతా మనం ప్లగ్ మీద నుంచి చెయ్యి తీసేలోపే అయిపోతుంది.

ఈ బేరంలో మూడో మనిషి కూడా ఉన్నాడు, కేబుల్. నియమం ప్రకారం రెండు చివర్లా టైప్-సీ ఉన్న ఏ కేబులైనా 3 ఆంపియర్లు మోయాలి. దానికి ఎవరి దగ్గరా ధ్రువపత్రం అక్కర్లేదు. అంతకు మించి 5 ఆంపియర్లు పంపాలంటే మాత్రం కేబుల్ తానెవరో చెప్పుకోవాలి. అందుకోసం ప్లగ్ లోపల ఒక చిన్న చిప్ పెడతారు, దాన్ని ఈ-మార్కర్ అంటారు. 3 ఆంపియర్లు దాటి ఇవ్వగల ఛార్జర్ తన జాబితా చదివే ముందు ఆ చిప్‌ని పలకరిస్తుంది. "5 ఆంపియర్లు మోస్తాను" అని జవాబు వస్తే పూర్తి జాబితా బయటపెడుతుంది. జవాబు రాకపోతే ప్రతి వరసనీ 3 ఆంపియర్ల దగ్గర కోసేస్తుంది. 20 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే 60 వాట్లు. చిప్ లేని కేబుల్‌తో ఛార్జర్ ఎంత పెద్దదైనా 60 వాట్లు దాటకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు కేబుళ్ళ సంగతికి వద్దాం.

ఒక చివర వెడల్పు పిన్, ఒక చివర టైప్-సీ

మా తమ్ముడి దగ్గర ఉన్నది ఇదే. వెడల్పు పిన్‌ని టైప్-ఏ అంటారు. అందులో సీసీ కాంటాక్టే లేదు. అంటే పవర్ డెలివరీ బేరం నడవడానికి దారే లేదు. మరి ల్యాప్‌టాప్ వైపు సీసీ మీద ఏదో ఒకటి కనిపించాలి కదా. అందుకని టైప్-సీ ప్లగ్ లోపలే ఒక 56 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టేస్తారు. "అవతల మామూలు యూఎస్‌బీ ఉంది, అంతకు మించి ఆశించకు" అని దాని అర్థం.

మరి అదే కేబుల్‌తో ఫోన్ 65 వాట్లు ఎలా లాగుతోంది? ఫోన్ కంపెనీలు తమ ఛార్జర్, తమ కేబుల్, తమ ఫోన్ మధ్య సొంత భాష ఒకటి పెట్టుకుంటాయి. అది ఎక్కువగా డేటా తీగల మీద నడుస్తుంది. ఒక రకం పద్ధతిలో 10 వోల్టులు, 6.5 ఆంపియర్లు ఇస్తారు, గుణిస్తే 65 వాట్లే. ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాదు. దానికి కనిపించేది 5 వోల్టులే. ఛార్జర్ మీద 65, ల్యాప్‌టాప్ మీద 65 అన్న అంకెలు కలిసినా బేరం కుదరకపోవడం ఇందుకే. ఇలాంటి కేబుల్ మీద "6 ఆంపియర్లు", "120 వాట్లు" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ల్యాప్‌టాప్‌కి సంబంధించినంత వరకు అది సున్నాతో సమానం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. కేబుల్ ఒక్కటే మార్చి, వెడల్పు చివరకి ఒక చిన్న అడాప్టర్ తగిలించి టైప్-సీ రంధ్రంలో పెట్టడం. లేదా టైప్-సీ నుంచి టైప్-సీ కేబుల్ తెచ్చి, దాన్ని అడాప్టర్‌తో వెడల్పు రంధ్రంలో పెట్టడం. లేని సీసీ అడాప్టర్‌తో పుట్టుకురాదు. ఛార్జర్‌కి వెడల్పు రంధ్రం మాత్రమే ఉంటే కేబుల్‌తో పాటు ఛార్జర్ కూడా మార్చాల్సిందే.

రెండు చివర్లా టైప్-సీ, చిప్ లేనిది

ఫోన్లతో, చిన్న చిన్న వస్తువులతో పెట్టెలో వచ్చేవి చాలావరకు ఇవే. సన్నగా, మెత్తగా ఉంటాయి. వీటిని చిన్నచూపు చూడక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్ 45 వాట్లదో, 60 వాట్లదో అయితే ఈ కేబులే పూర్తిగా సరిపోతుంది. 5 ఆంపియర్ల కేబుల్ కొన్నా ఒక్క వాటు కూడా అదనంగా రాదు. ఛార్జరే 3 ఆంపియర్లు దాటి ఇవ్వదు కాబట్టి అది చిప్‌ని అడగాల్సిన పనే లేదు.

చిక్కు 65 వాట్ల దగ్గర మొదలవుతుంది. 65 వాట్ల ఛార్జర్ 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు ఇస్తుంది. ఆ పావు ఆంపియర్ వల్ల గీత దాటింది, చిప్ కావాలి. చిప్ లేకపోతే ఛార్జర్ 60 వాట్లకి తగ్గుతుంది. ఎక్కువ ల్యాప్‌టాప్‌లు దీన్ని పెద్దగా పట్టించుకోవు, 60తోనే ఎక్కుతాయి, తేడా మనకు తెలియను కూడా తెలియదు. కొన్ని "ఛార్జర్ నెమ్మదిగా ఉంది" అని ఒక మూల హెచ్చరిక పెట్టి ఊరుకుంటాయి. మొండివి కొన్ని ఉంటాయి, తాము కోరిన వాట్లు జాబితాలో కనిపించకపోతే అసలు తీసుకోనే తీసుకోవు. 100 వాట్లు కోరే పెద్ద ల్యాప్‌టాప్‌లైతే 60 తీసుకున్నా, బరువైన పని పెట్టినప్పుడు ఛార్జింగ్ గుర్తు వెలుగుతూనే శాతం మాత్రం కిందికి దిగుతూ ఉంటుంది.

పనిలో పని, దీని తిరగబడ్డ కథ కూడా ఉంది. 45 వాట్ల వేగంతో ఎక్కే ఫోన్లు కొన్ని సుమారు 10 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లు లాగుతాయి. అప్పుడు ఫోన్‌కే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి, అదే సమయంలో 45 వాట్ల ల్యాప్‌టాప్‌కి మామూలు కేబుల్ చాలు. వాట్లు చూసి కేబుల్ ఎంచుకుంటే ఇలాగే దెబ్బతింటాం. కేబుల్‌ని కట్టడి చేసేది ఆంపియర్లు.

చిప్ ఉన్న 5 ఆంపియర్లవి: 100 వాట్లు, 240 వాట్లు

5 ఆంపియర్ల కేబుళ్ళలో రెండు తరాలున్నాయి. పాతవాటి మీద 100 వాట్లు అని ఉంటుంది, అంటే 20 వోల్టులు, 5 ఆంపియర్లు. 2021లో పవర్ డెలివరీ నియమాలకి 3.1 అనే కొత్త విడత వచ్చింది. అందులో వోల్టేజీని 28, 36, 48 వరకు పెంచుకునే వీలు ఇచ్చారు. 48 వోల్టులు, 5 ఆంపియర్లు, మొత్తం 240 వాట్లు. ఆంపియర్లు మారలేదని గమనించండి. మారింది వోల్టేజీ, దానికి తగ్గట్టు కేబుల్ లోపలి చిప్ చెప్పే మాట. అదే ఏడాది యూఎస్‌బీ సంస్థ కేబుళ్ళ మీద వేసే వాట్ల గుర్తుల్ని రెండింటికే కుదించింది: 60 వాట్లు లేదా 240 వాట్లు. నా ఉద్దేశంలో ఈ రంగంలో వాళ్ళు తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఇదొకటి. ప్లగ్ మీద ఆ రెండు అంకెల్లో ఏది ఉందో చూస్తే సగం సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది.

ఇప్పటికే 100 వాట్ల కేబుల్ ఉంటే పారేయకండి. 100 వాట్ల వరకు అది నిక్షేపంగా పనిచేస్తుంది. 140 వాట్ల ల్యాప్‌టాప్‌కి, 140 వాట్ల ఛార్జర్‌కి మధ్య దాన్ని పెడితే 100 దగ్గర ఆగుతుంది, అంతే. కొత్తగా కొనేటప్పుడు మాత్రం 240దే తీసుకోండి. 240 అని ఉంది కదా, నా చిన్న ఫోన్ కాలిపోతుందేమో అని కొందరు భయపడతారు. కేబుల్ దేన్నీ తోయదు. ఫోన్ 9 వోల్టులు అడిగితే 9 వోల్టులే వస్తాయి. 240 అన్నది కేబుల్ మోయగల బరువు.

డేటా కేబుళ్ళు: చిప్ ఉన్నా 5 ఆంపియర్లని కాదు

ఇది కాస్త లోతైన విషయం, అయినా కొనేటప్పుడు బాగా పనికొస్తుంది. ఎక్కువ వేగంతో డేటా పంపే టైప్-సీ కేబుళ్ళకి, అంటే మానిటర్‌కీ, బయటి ఎస్ఎస్‌డీకీ వాడేవాటికి, వేగం ఎంతో చెప్పడానికి ఈ-మార్కర్ తప్పనిసరి. ఆ చిప్ "వేగం ఇంత, కరెంటు మాత్రం 3 ఆంపియర్లే" అని కూడా చెప్పొచ్చు. కాబట్టి "చిప్ ఉంది" అన్న ఒక్క మాట నమ్మి కొనకండి, ఆ చిప్ ఏం చెప్తుందో ముఖ్యం.

అటు 240 వాట్ల ఛార్జింగ్ కేబుళ్ళలో చాలావాటికి డేటా వేగం పాత యూఎస్‌బీ 2 స్థాయిదే, సెకనుకి 480 మెగాబిట్లు. దానితో మానిటర్ కలిపితే బొమ్మ రాదు. అది లోపం కాదు, అందులో ఆ తీగలే లేవు. ఛార్జింగ్ కోసమే అయితే నేను ఈ రకాన్నే ఇష్టపడతాను. లోపల తీగలు తక్కువ కాబట్టి కాస్త మెత్తగా ఉంటుంది, పొడవుగానూ దొరుకుతుంది. 40 గిగాబిట్ల కేబుల్ పొడవు పెరిగే కొద్దీ లోపల అదనపు సర్క్యూట్లు కావాలి, దళసరిగా, బిరుసుగా ఉంటుంది. ఒకే కేబుల్‌తో మానిటర్‌కి బొమ్మ పంపుతూ అటు నుంచి ల్యాప్‌టాప్‌ని ఛార్జ్ చేసుకునేవాళ్ళకి మాత్రం అదే కావాలి. ఆ ఒక్క పనికి దాన్ని బల్ల మీదే ఉంచేయండి, సంచిలో మడతపెట్టి తిప్పకండి.

మీటర్ పెట్టి చూస్తే

ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టుకునే చిన్న టైప్-సీ మీటర్లు దొరుకుతాయి, వోల్టులు, ఆంపియర్లు చూపిస్తాయి. ఒకటి తెచ్చుకుని, 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ పెట్టి, నా సొరుగులోని మూడు కేబుళ్ళని ఒక ఆదివారం మధ్యాహ్నం పరీక్షించాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ 30 శాతానికి దించాను, ఎందుకంటే నిండే దశలో ల్యాప్‌టాప్ తనంతట తానే తక్కువ లాగుతుంది, అప్పుడు కొలిస్తే ఏమీ తేలదు.

పద్ధతి ఇది. ముందు మీటర్‌ని ఛార్జర్ వైపు పెట్టి వోల్టేజీ రాసుకోవాలి. తర్వాత మీటర్‌ని ల్యాప్‌టాప్ వైపు పెట్టి మళ్ళీ రాసుకోవాలి. రెండింటి తేడా కేబుల్‌లో కరిగిపోయిన వోల్టేజీ. దాన్ని ఆంపియర్లతో భాగిస్తే కేబుల్ నిరోధం ఎన్ని ఓమ్‌లో వస్తుంది. నియమం ప్రకారం పూర్తి కరెంటు వెళ్తున్నప్పుడు పోను తీగలో 0.5 వోల్టులు, రాను తీగలో 0.25 వోల్టులు, మొత్తం 0.75 వోల్టులకి మించి పోకూడదు. అంటే 3 ఆంపియర్ల కేబుల్‌కి నిరోధం 0.25 ఓమ్‌ల లోపు, 5 ఆంపియర్లదానికి 0.15 ఓమ్‌ల లోపు ఉండాలి.

మొదటిది ఏదో వస్తువుతో వచ్చిన రెండు మీటర్ల సన్నని కేబుల్, చిప్ లేదు. 2.9 ఆంపియర్లు వెళ్తుండగా ఇటు 20.1 వోల్టులు, అటు 18.9. తేడా 1.2, భాగిస్తే 0.41 ఓమ్. 3 ఆంపియర్లకే పనికిరాదు. దాదాపు మూడున్నర వాట్లు తీగలోనే వేడిగా మారుతున్నాయి. పది నిమిషాలకి ప్లగ్ పట్టుకుంటే గోరువెచ్చగా తెలిసింది. ఫోన్‌తో నాకు ఈ లోపం ఎప్పుడూ కనిపించలేదు, ఎందుకంటే ఫోన్ 9 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్ల లోపే లాగేది.

రెండోది పెట్టె మీద "5 ఆంపియర్లు" అని ఉన్న రెండు మీటర్లది. దీన్ని పెట్టగానే కరెంటు 3 ఆంపియర్లు దాటి 3.2కి వెళ్ళింది, అంటే చిప్ ఉంది, ఛార్జర్ దాని మాట నమ్మింది. లెక్క సులువుగా ఉండాలని ల్యాప్‌టాప్ 3 ఆంపియర్లు లాగే క్షణం చూసి రాసుకున్నాను. ఇటు 20.1, అటు 19.5. తేడా 0.6, అంటే 0.2 ఓమ్. ఇక్కడే అసలు సంగతి ఉంది. 3 ఆంపియర్ల కేబుల్‌గా ఇది పాసయింది. 5 ఆంపియర్ల కేబుల్‌గా ఫెయిలయింది. చిప్ 5 అంటోంది, రాగి 5 అనడం లేదు.

ఈ-మార్కర్ దేన్నీ కొలవదు. ఫ్యాక్టరీలో అందులో ఏ అంకె రాస్తే అదే అప్పజెప్తుంది. సన్నని తీగకి 5 ఆంపియర్ల చిప్ తగిలిస్తే ఛార్జర్‌కి తెలుసుకునే మార్గం లేదు. ఇదే కేబుల్‌తో 100 వాట్ల ల్యాప్‌టాప్‌ని నడిపితే 1 వోల్టు పోతుంది, తీగలో 5 వాట్ల వేడి పుడుతుంది. నా 65 వాట్ల ల్యాప్‌టాప్‌కి దీన్ని హాయిగా వాడుకుంటాను, అంతకు పెద్దదానికి మాత్రం ఇవ్వను.

మూడోది మీటరు పొడవున్న 240 వాట్ల కేబుల్. 3 ఆంపియర్ల దగ్గర తేడా పావు వోల్టు, నిరోధం 0.08 ఓమ్. ఇక చెప్పేదేముంది.

ఇందులో పొడవు పాత్ర కూడా చూడండి. అదే తీగతో పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది. మంచం దాకా రావాలని మూడు మీటర్లది కొనేముందు, మీటరున్నరతో పని గడుస్తుందేమో కొలిచి చూసుకోండి.

మీటర్ లేకుండా తెలుసుకోవాలంటే

ఛార్జర్‌కి, ల్యాప్‌టాప్‌కి మధ్య బేరం ఎన్ని వాట్ల దగ్గర కుదిరిందో కొన్ని కంప్యూటర్లు చెప్తాయి. మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

```
system_profiler SPPowerDataType | grep Wattage
```

100 వాట్ల ఛార్జర్ పెట్టినా ఇలా వచ్చిందంటే:

```
Wattage (W): 60
```

కేబుల్‌లో చిప్ లేదని, లేదా ఆ చిప్ 3 ఆంపియర్లే అంటోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఛార్జర్ నెమ్మదిగా ఉందన్న హెచ్చరిక వస్తే అదే అనుమానం పెట్టుకోండి.

మిగతాది లక్షణాల్ని బట్టి ఊహించవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఏ కదలికా లేదు, ఛార్జర్‌కి వెడల్పు రంధ్రం ఉంది అంటే వెతకాల్సిన పనే లేదు. ఛార్జింగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతోంది అంటే తీగ సన్నగా ఉండి బరువు పడగానే వోల్టేజీ కుంగిపోతోందేమో, లేక ప్లగ్ అరిగి వదులైందేమో చూడాలి. ప్లగ్‌ని తిప్పి పెడితే ఎక్కుతోంది, మామూలుగా పెడితే ఎక్కడం లేదు అంటే పోర్టులో ఉండే రెండు సీసీ కాంటాక్టుల్లో ఒకదాని మీద దుమ్ము పడిందనో, అది అరిగిందనో అనుకోవచ్చు. ప్లగ్ తిప్పినప్పుడు కేబుల్‌లోని ఒక్క సీసీ తీగ పోర్టులోని రెండో కాంటాక్టుకి తగులుతుంది. ఇక్కడ కేబుల్ మారిస్తే లాభం లేదు.

కేబుల్ తప్పేమీ లేకుండా నింద మోసే సందర్భం ఒకటుంది. రెండు రంధ్రాల ఛార్జర్ మీద 65 వాట్లు అని ఉంటుంది, కానీ అది ఒక్కటే వాడినప్పటి మాట. రెండో రంధ్రంలో ఫోన్ పెట్టగానే 45, 20గా పంచుకునేవి చాలా ఉన్నాయి. పంచుకునేటప్పుడు రెండింటికీ ఒక క్షణం కరెంటు ఆపి, బేరం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాయి. ల్యాప్‌టాప్ 45తో ఒప్పుకోకపోతే అక్కడే ఆగిపోతుంది. కేబుల్ మార్చే ముందు ఫోన్ తీసి చూడండి.

ఇక కొనడం

ల్యాప్‌టాప్ అడుగున గానీ దాని అసలు ఛార్జర్ మీద గానీ రాసి ఉన్న అంకె చూడండి. 20 వోల్టుల పక్కన 3 ఆంపియర్లో, అంతకన్నా తక్కువో ఉంటే 60 వాట్ల గుర్తున్న మంచి కేబుల్ చాలు. 3.25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 240 వాట్ల గుర్తున్నది తీసుకోండి. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే కూడా నా ఓటు 240కే, ఎందుకంటే రేపు ల్యాప్‌టాప్ మారినా కేబుల్ మార్చక్కర్లేదు. ఛార్జింగ్‌కి ఒకటి, మానిటర్‌కి ఒకటి విడిగా పెట్టుకోండి. అన్నీ చేసే ఒకే ఒక్క కేబుల్ కోసం వెతికితే పొట్టిగా, బిరుసుగా ఉండేదే చేతికొస్తుంది.

అయస్కాంతంతో అతుక్కునే ప్లగ్ ముక్కలు, కేబుల్‌కి కేబుల్ కలిపే ఎక్స్‌టెన్షన్లు ల్యాప్‌టాప్‌కి వాడకండి. టైప్-సీ నియమాల్లో వాటికి చోటు లేదు. కేబుల్ చిప్ తన పొడవుకే జవాబుదారీ. దాని వెనక ఇంకో మీటరు తీగ అతికించారని దానికి తెలియదు, 5 ఆంపియర్లు అనే చెప్తుంది.

కొన్న తర్వాత ఒక చిన్న పని. ప్లగ్ దగ్గర తెల్ల టేపు ముక్క చుట్టి, పెన్నుతో 3 అనో 5 అనో రాసేయండి. సొరుగులో అన్నీ నల్లతీగలే, ఆరు నెలల తర్వాత ఏది ఏదో గుర్తుండదు. నా సొరుగులోని ఆ రెండో కేబుల్ మీద మాత్రం "5 అంటుంది, 3 మోస్తుంది" అని రాసి పెట్టుకున్నాను.